చీర కోసిన చిత్రిక

హులిగమ్మ చిత్రిక మీద కూర్చుంది. కూర్చున్నంత వేగంగానే లేచింది. ఆ రెంటికీ నడుమ, కూతురు జ్యోతి ఎమ్మిగనూరులో మగ్గం మీద నేసి పెట్టిన కొత్త చీర వెనకపక్క రెండు వేళ్ల వెడల్పున తెగింది. లోపలి లంగా అడ్డం పడి మనిషికేమీ కాలేదు.

ఇంకొకరైతే ముందు చుట్టూ ఎవరు చూశారో చూసుకునేవారు. హులిగమ్మ కొంగు బిగించి, చీరను ముందుకు లాక్కుని, కోతను చూసింది. కోత గీత గీసినట్టు ఉంది, కొసల దగ్గర చిరుగు లేదు. అంచు తిన్నగా పెట్టి, మూలలు మాత్రం పిసరంత అరగదీసిన బ్లేడు. చెక్క నున్నబరచడానికి వాడేది. మొరటు పని చిత్రికైతే బ్లేడు అంచు వంపుగా ఉంటుంది, గుడ్డను నడిమధ్య పొడిచి చించేది. అంతా తేల్చుకున్నాకే తలెత్తి, దీన్ని బోర్లించకుండా వెల్లకిలా నా స్టూలు మీద పెట్టిన మొనగాడెవరని అడిగింది.

ఆదోనిలో నేల మీద పట్టాలు పరిచి పాత సామాన్లు అమ్మే వరుసలో ఆమెది చివరి పట్టా. మొగుడు శేషప్ప కమ్మరి, ఉలులు కొట్టడంలో పేరున్నవాడు. కొలిమి తిత్తి ఊదిన ముప్పై ఏళ్లలో ఆమె చూసిన ఉలులకు లెక్కలేదు. ఆయన పోయాక వడ్రంగుల పాత పనిముట్లు కొని, తుప్పు గీకి, ఎవరి చేతికి ఏది పనికొస్తుందో వాళ్లకే అమ్ముతుంది. ఉలితో రంగు డబ్బా మూత తీసేవాడికి ఉలి అమ్మదు. అడిగినవాడిని తిట్టి పంపుతుంది. ఆ తిట్లు వినడానికే పక్క పట్టాల వాళ్లు ఆమె దగ్గరికి బేరాన్ని తోలుతారని ఒక మాట ఉంది.

స్టూలు మీద చిత్రిక పెట్టిన మొనగాడు అక్కడే ఉన్నాడు. పేరు తిక్కయ్య, ఎమ్మిగనూరు వడ్రంగి, మగ్గాలు బాగుచేస్తాడు. ఆయనకు చీర సంగతి పట్టలేదు. పట్టా మీదున్న గోనెసంచిలోంచి ఒక్కో పనిముట్టు తీసి గుండెలకు హత్తుకుంటున్నాడు. పోయిన నెల తన కొట్టం తలుపు ఎవరో విరగ్గొట్టి సంచెడు సామాను ఎత్తుకుపోయారట. ఆ సామాను ఇదేనట. దొంగ దగ్గర కొన్నదట హులిగమ్మ.

ఆ మాటతో వరుసంతా చేరింది. దొంగ సొమ్ము అమ్ముతుందన్న పేరు ఒకసారి పడితే ఏ వడ్రంగి ఇంటి ఆడదీ ఆమె చేతికి మళ్లీ పాత ఉలి ఇవ్వదు. పట్టా చుట్టుకుని కూతురింటికి పోవడమే. అది ఆమెకూ తెలుసు, చూస్తున్న పక్కవాళ్లకూ తెలుసు.

"ఇవి నీయని ఎట్ల కనుక్కున్యావప్పా?" అని అడిగింది, గొంతు పెంచకుండా. ఆమె గొంతు పెంచకపోవడం చూసి పక్క పట్టా ఈరేష్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పిడి మీద కుంకుమ సూడక్కా. దసరాకు నా చేత్తో నేనే పెట్టినా."

దసరాకు పనిముట్లకు పూజ చేసి బొట్టు పెట్టని వడ్రంగి ఈ చుట్టుపక్కల ఎవడున్నాడని హులిగమ్మ గుంపును అడిగింది. ఆ లెక్కన ఆదోని నుంచి ఆలూరు దాకా ఉన్న ఉలులన్నీ తిక్కయ్యవేనా అంది. గుంపులో నవ్వు పుట్టింది. తిక్కయ్య చెవులు ఎర్రబడ్డాయి. పట్టు మాత్రం వదల్లేదు.

అప్పుడామె సంచి తన వైపు లాక్కుని ఒక ఉలి తీసింది. దీంతో ఏం చేసేవాడివో చేసి చూపమంది. ఆయన ఉలి కుడిచేత పట్టి, ఎడమచేత్తో గాలిలో కొయ్యసుత్తి ఆడించి, మగ్గం గుంజకు బెజ్జం ఎట్లా కొట్టేవాడో చూపించాడు.

హులిగమ్మకు ఒళ్లు మండింది. ఆ ఉలి బ్లేడు పలచన, పక్క అంచులు కూడా వాలుగా తీసి ఉన్నాయి. పిడి పొడుగు, తల చుట్టూ ఇనుప కట్టు, అదే పొన్ను, లేదు. అరచేయి రాసుకుని రాసుకుని అద్దంలా నునుపు తేలింది, దెబ్బ మచ్చ ఒక్కటి లేదు. చేత్తో నెట్టి పొరలు పొరలుగా తీసే ఉలి అది. బెజ్జం కొట్టే ఉలి వేరు. దాని బ్లేడు వెడల్పుకు మించిన మందం ఉంటుంది, దెబ్బలకు పిడి చీలకుండా తలకు పొన్ను ఉంటుంది. ఈ పలచదాని మీద సుత్తి వేస్తే మొదటి దెబ్బకే పిడి పగిలేదని, శేషప్ప బతికుంటే ఆ సుత్తి ఇంకెక్కడ వేసేవాడో కూడా చెప్పి, ఆమె రెండోది తీసింది.

అది రెండు పక్కలా రెండు పిడులు, నడుమ చిన్న బ్లేడు ఉన్న చిత్రిక. దీంతో మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె పైభాగం గుండ్రంగా తీసేవాడినన్నాడు తిక్కయ్య, ఈసారి కొంచెం నెమ్మదిగా. ఆమె దాన్ని తిప్పి అడుగు చూపించింది. ఉబ్బెత్తు వంపు తీయడానికి చదును అడుగు కావాలి. దీని అడుగు కోడిగుడ్డులా గుండ్రం. లోపలికి పోయే వంపుల్లో ఆడేది, బండిచక్రం చట్రం లోపలి పక్క తీసేది. సంచి ఆలూరు అయ్యన్నది. చక్రాలు చేసిన మనిషి, చేతులు వణకడం మొదలయ్యాక భార్య భీమమ్మ తెచ్చి ఇచ్చింది. కావాలంటే ఆలూరు ఆటో ఎక్కి అడిగి రమ్మంది.

తిక్కయ్య హత్తుకున్న పనిముట్లను మెల్లగా సంచిలో పెట్టాడు. గుంపు చెదరబోయింది. హులిగమ్మ గెలిచింది, అక్కడితో ఆగొచ్చు.

కానీ ఆయన ఎడమచేత్తో సుత్తి ఆడించిన తీరు ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు. చీర కోసిన చిత్రికను చేతిలోకి తీసుకుంది. వెనక పిడి మీద బొటనవేలు అరగదీసిన గుంట కుడిపక్కన ఉంది, నాలుగు వేళ్ల జాడలు ఎడమపక్కన. కుడిచేతివాటం మనిషి పట్టుకుంటే ఇవి పక్కలు మారి ఉండాలి. ఆమె పిడిని మూతి దగ్గరికి తెచ్చి వాసన చూసింది. సబ్బు.

ఇది నిన్న సాయంత్రం మొహం తెలియని ఇనుప సామాన్ల వాడొకడి దగ్గర కొన్నది. పిడి అంత తెల్లగా ఉంటే శుభ్రమైన మనిషి అనుకుంది. కొయ్యను సబ్బు పెట్టి కడిగే వడ్రంగి భూమ్మీద ఉంటాడా? కుంకుమ పోవడానికి కడిగినాడు దొంగముండాకొడుకు. అది తట్టని తన బుర్రను కూడా కలిపి, వరుసంతా వినేలా తిట్టుకుంది. పోతున్నవాళ్లు మళ్లీ నిలబడ్డారు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

"ఇది పట్టుకో," అని చిత్రిక తిక్కయ్య ఎడమచేతిలో పెట్టింది.

బొటనవేలు పోయి దాని గుంటలో కూర్చుంది. నాలుగు వేళ్లూ వాటి జాగాల్లో సర్దుకున్నాయి. కుంకుమ లేదని, తనది కాదని, ఇందాక తిక్కయ్యే స్టూలు మీద పడేసిన చిత్రిక అది.

"దొంగసొమ్మే నేను కొన్యాను, ఈడ అందరూ ఇనండి," అంది హులిగమ్మ. "ఆ మొహం మళ్లీ ఈ వరుసలో కనపడితే నాకు సెప్పండి." ఈరేష్ తన పట్టా మీది సామానంతా ఒకసారి వాసన చూసుకోవడం మొదలుపెట్టాడు.

తిక్కయ్య చిత్రికను చంకలో పెట్టుకుని రెండడుగులు వేశాడు. వేసి, వడ్రంగి బుద్ధి కదా, ఆగి, తిప్పి, బ్లేడు మీద బొటనవేలు అడ్డంగా రాసి చూశాడు. మొహం ముడుచుకుని వెనక్కి వచ్చాడు.

"అక్కా, ఆ దొంగనాయాలు దీంతో ఏం సేసినాడో, పదును మొత్తం పోయింది సూడు."

"నా సీరనడుగు."