గుండె కనబడే దాకా

స్కూలు బస్సు నడిపే ఆవిడను పిల్లలంతా డ్రైవరమ్మ అనేవారు. "ఒరేయ్, తల లోపల పెట్టు!" అని ఆమె ఒక్క కేక వేస్తే వెనక సీట్లోవాళ్లు కూడా సర్దుకు కూర్చునేవారు. అంతటి మనిషీ ఆ రోజు స్కాన్ గదిలో బల్ల మీద కళ్లు గట్టిగా మూసుకుని పడుకుంది. కిందటిసారి కడుపులో బిడ్డ గుండె ఆగిపోయిందన్న మాట ఇలాంటి గదిలోనే విన్నది.

డాక్టరమ్మ పొట్ట మీంచి కాకుండా లోపలి నుంచి స్కాన్ చేసి, తెరను ఆమె వైపు తిప్పింది.

"బిడ్డ మొలక కనిపిస్తోంది. నాలుగు మిల్లీమీటర్లుంది. గుండె కదలిక మాత్రం ఇంకా కనబడలేదు."

"అయితే ఇదీ పోయినట్టేనా?"

"ఇప్పుడే ఏమీ తేల్చలేం. మామూలుగా ఆరో వారంలో కనిపిస్తుంది. మీకు నెలసరి తేదీలు ఎప్పుడూ అటూ ఇటూ అవుతాయి కదా, బిడ్డ మన లెక్క కన్నా చిన్నదై ఉండొచ్చు. ఏడు మిల్లీమీటర్లు దాటాక కూడా గుండె కనబడకపోతే, గర్భం నిలవలేదేమోనని అనుమానించాలి. అప్పుడైనా ఇంకో డాక్టరుకు చూపించాకే తేలుస్తాం. మాటివ్వలేను గానీ ఆశ ఉంది. వారం దాటాక రండి. ఈలోగా నొప్పి ఎక్కువైనా, రక్తం బాగా పోయినా, కళ్లు తిరిగినా వెంటనే వచ్చేయాలి."

బయట బెంచీ మీద అత్తగారు కూర్చుని ఉంది. సంగతి విని కోడలి చెయ్యి పట్టుకుంది, అంతే. సాయంత్రం ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, ఆలస్యమెందుకు, మాత్ర వేసుకుని శుభ్రం చేయించేసుకో" అంది. పక్కనే ఉండి విన్న అత్తగారు ఫోన్ లాక్కుంది.

"డాక్టరు చదువు ఎప్పుడు వెలగబెట్టావే? ఉందో లేదో తేలనిదాన్ని తీసేయమంటావా? పెట్టెయ్ ఫోన్!"

కోడలికి ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆ వారమంతా బాత్రూంకి వెళ్లినప్పుడల్లా ఎక్కడ రక్తం కనిపిస్తుందోనని బిక్కుబిక్కుమంటూ చూసుకునేది. పొద్దున వాంతి అయితే మాత్రం లోలోపల సంబరపడేది.

మళ్లీ స్కాన్‌కు వెళ్లినప్పుడు డ్రైవరమ్మ అత్తగారిని కూడా లోపలికి రమ్మంది. డాక్టరమ్మ ముందుకు వంగి తెరను పరీక్షగా చూసింది. తర్వాత తెర మీద వేలు పెట్టింది.

"ఇదిగో, మిణుకుమిణుకుమంటోంది చూశారా? అదే గుండె. మొలక కూడా బాగా పెరిగింది."

"ఏదీ, నాకేం కనబడదే!" అంటూ అత్తగారు తెరకు ముక్కు ఆనించినంత పని చేసింది. "ఆ... ఉందే! గింజంత లేదు, దానికెంత తొందరో!"

"ఇంకా తొలి రోజులే. అయినా ఇది మంచి కబురు" అంది డాక్టరమ్మ.

డ్రైవరమ్మ అక్కడే మొగుడికి ఫోన్ చేసింది. ఆయన ప్లంబరు, ఆ సమయానికి ఎవరింట్లోనో సింకు కింద దూరి ఉన్నాడు. వార్త విని గబుక్కున లేవబోయి నెత్తి ఠంగుమని కొట్టుకున్నాడు.

"ఏమైందండీ?" అందామె కంగారుగా.

"ఏం లేదు లేవే," అన్నాడు నెత్తి రుద్దుకుంటూ. "ఇంకోసారి చెప్పు."