బావ తడి గోనెసంచి

మా బావది ఛత్రినాకలో పాల వ్యాపారం. ఎండాకాలంలో పాల క్యాన్ల మీద తడి గోనెసంచి కప్పడం వాళ్లింటి అలవాటు. ఒక మధ్యాహ్నం మలక్‌పేట ఛార్జింగ్ స్టేషన్‌లో తన ఎలక్ట్రిక్ కారు బానెట్ మీద కూడా అదే కప్పాడు. ఆ కారు బ్యాటరీకి ఫ్యాను గాలే దిక్కు. వేడెక్కిందంటే ఛార్జింగ్ నత్తనడక నడుస్తుంది.

“బావా, బ్యాటరీ సీట్ల కింద ఉంది. ఉత్తగ బానెట్‌కు సర్ది అయితది,” అన్నాను.

ఆయన సంచి మీద ఇంకో చెంబు నీళ్లు చల్లాడు. నా కారులో బ్యాటరీని ఆనుకుని పైపుల్లో కూలెంట్ ద్రవం తిరుగుతూ, వేడిని ముందున్న రేడియేటర్‌కు మోసుకుపోతుంది. అందుకే పక్కనే పెట్టిన నా కారు చకచకా ఛార్జయింది. ఆ గొప్ప చుట్టాలందరికీ చెప్పుకున్నాను.

తర్వాతి వారం ఇద్దరం అదే చోట ఆగితే నా కారు ఛార్జింగ్ ఎక్కనని మొండికేసింది. పైపు లీకై కూలెంట్ కారిపోయిందట. మెకానిక్‌కు ఫోన్ చేసి వెనక్కి తిరిగేసరికి, బావ నా బానెట్ మీద తడి గోనెసంచి శ్రద్ధగా పరుస్తున్నాడు.

“నా బండి గాలికే బతుకుతది, బామ్మర్ది. దప్పిక నీదానికే. పాపం, గిదన్న తాగనీ.”