కొమ్మ ఊపి చూసిన కోతి

ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే వయసులో మనిషికి ఒక వింత నమ్మకం ఉంటుంది: లోకంలో ఎక్కడ ఆపద వచ్చినా ముందు తననే పిలుస్తారని. నన్నైతే కండ్లకోయ కాలేజీ బస్సు డ్రైవరు కూడా పిలిచేవాడు కాదు, ఎక్కానో లేదో చూడకుండానే బండి కదిలించేవాడు. అయినా నమ్మకం నమ్మకమే. అలాంటి రోజుల్లో మా అక్క ఒక సాయంత్రం నన్ను నిజంగానే పిలిచింది.

బహదూర్‌పల్లిలో మా ఇంటి పక్కన ఒక ఇల్లు సగం లేచి ఉండేది. మెట్లు, స్లాబు, కిటికీల మీద సజ్జలు, సజ్జ కింద పెద్ద ఇసుక కుప్ప. పనివాళ్లు వెళ్లిపోగానే కాలనీ పిల్లలంతా సజ్జ మీది నుంచి ఇసుకలోకి దూకేవాళ్లు. వాళ్ల నాయకుణ్ణి అందరూ కెప్టెన్ అనేవాళ్లు (ముందు పళ్లు రెండు లేవు, అదే అతని హోదా). మూడో తరగతి చదివే మా అక్క కూతురు బుజ్జి ఒక్కతే దూకలేదు. "రేపు దుంకకపోతే నీ పేరు పిరికి బుజ్జి" అని కెప్టెన్ తీర్పు చెప్పాడు.

"అది రేపు దుంకుతదట రా. నేను అద్దంటే ఇంకింత మొండికేస్తది. నువ్వు జెప్తే ఇంటది" అంది అక్క.

ఉపదేశం నాకు చేతకాదు కాబట్టి కథ మొదలుపెట్టాను. శామీర్‌పేట చెరువు దగ్గర చింతచెట్ల మీద ఒక కోతి. తోటి కోతులు "దుంకు, దుంకు" అంటే చాలు, వెనకా ముందూ చూడకుండా దూకేది. ఒకరోజు అందరూ చూస్తున్నారని ఎండుకొమ్మ మీదికి దూకింది. కొమ్మ పుటుక్కుమంది, కోతి ముళ్లకంపలో పడింది. చప్పట్లు కొట్టిన కోతుల్లో ఒక్కటీ ముళ్లు తీయడానికి రాలేదు.

"తర్వాత దుంకుడు బంద్ వెట్టిందా?" అంది బుజ్జి, నిరాశగా.

"లేదు. కొన్ని రోజులకు ఒక కోతిపిల్ల చెట్టు చివర ఇరుక్కుని ఏడ్చింది. మన కోతికి వెళ్లాలని ఉంది, కాళ్లు మాత్రం గజగజ."

"కోతికి గూడ భయమైతదా మామా?"

"మస్తు అయితది. అందుకే ఈసారి కొమ్మను రెండు చేతులతో పట్టి ఊపింది, పచ్చిదా ఎండిందా అని. దూరం కళ్లతో కొలిచింది. గాలి ఆగేదాకా ఆగింది. జారితే పట్టుకోవడానికి కింద ఇంకో కొమ్మ ఉందా అని చూసుకుంది. అప్పుడు దూకి పిల్లను తెచ్చింది."

"ఎవలన్న చప్పట్లు కొట్టిన్రా?"

"పిల్లను చూసుకునే తొందరలో మరిచిపోయారు."

బుజ్జి దుప్పటి కప్పుకుని పడుకుంది. కథ పనిచేసిందని అక్కకు గొప్పగా చెప్పాను.

మర్నాడు సాయంత్రం మా మేడ మీద నుంచి చూస్తే బుజ్జి ఆ సజ్జ మీద ఉంది. కింద పిల్లలు "దుంకు, దుంకు" అంటున్నారు. నేను మెట్లు దిగి పరిగెత్తాను. అంతలో ఆమె అంచు దగ్గర వంగడం కనిపించింది. ఇక లోకాన్ని కాపాడే క్షణం వచ్చేసిందని ప్రహరీ గోడ ఎక్కి ఒక్క దూకు దూకాను. గోడ అవతల ఇటుకలు నానబెట్టే నీళ్ల తొట్టి ఉంటుందని ఎవరు చూశారు? (ఆ కాలనీలో నేను తప్ప అందరూ చూశారు.)

మెడలోతు సిమెంటు రంగు నీళ్లలో నేను లేస్తుండగా ఠంగుమని చప్పుడైంది. బుజ్జి వంగింది దూకడానికి కాదు, ఇటుక ముక్క కిందికి వేసి చూడటానికి. పొద్దున్నే పనివాళ్లు ఇసుక కుప్పలో చాలామటుకు వాడేశారు, మిగిలిన పలచటి ఇసుక కింద ఇనుప చువ్వలున్నాయి.

"ఇసుకల సలాకలున్నయ్. నేను దుంక. ఎవ్వలు దుంకొద్దు" అంది పైనుంచి.

"పిరికి బుజ్జి! జరుగు, నేను దుంకుత" అని కెప్టెన్ మెట్ల వైపు పరిగెత్తాడు.

ఆమె గబగబా వచ్చి మెట్లకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది. కాళ్లు వణుకుతున్నాయి, తొట్టిలో నుంచి కూడా కనిపిస్తోంది. కింద అందరూ ఎగతాళి చేస్తున్నారు. "ఏమన్న అనుకోర్రి. ఫస్టు కిందికి వోయి ఇసుక తీసి చూడు" అంది. కెప్టెన్ గొణుక్కుంటూ దిగి, కాలితో ఇసుక గీకాడు. చువ్వ మొన బయటపడింది. ఎగతాళి ఆగిపోయింది.

అప్పుడు ఆమె ఒక్కో మెట్టూ దిగి నా దగ్గరికి వచ్చి చేయి అందించింది. "మామా, నువ్వెందుకు చూడలే?" అని మాత్రం అడిగింది. నవ్వలేదు పాపం. మిగతా పిల్లలంతా ఆ లోటు తీర్చారు.

ఇంటికి నడుస్తుంటే ఎదురైన ప్రతివాళ్లూ ఏమైందని అడిగారు. ఒళ్లంతా నీళ్లు కారుతుండగా, ఛాతీ విరుచుకుని, మా అక్క బిడ్డ మెట్ల మీద ఎలా నిలబడిందో అందరికీ చెప్పాను. నేనెందుకు తడిశానన్నది ఆ ఇరవయ్యేళ్ల కుర్రాడు ఒక్కరికీ చెప్పలేదు. వాడి పరువు వాడికి ముఖ్యం. నాకిప్పుడు అంత లేదు కాబట్టి మీకు చెప్పేశాను.