పెద్దపేగుతో మొదలైన పాఠం

ఆ బడిలో అగ్నిపర్వతం దగ్గరనుంచి కప్ప గుండె దాకా ప్రతి గోడపటమూ డ్రాయింగు మాస్టారి చేతిదే. నీడలు దిద్దడంలో ఆయన దిట్ట. ఒక్క కాలేయానికే రెండు రోజులు పట్టించేవారు. రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా, సైన్సు టీచరమ్మ వచ్చి జీర్ణవ్యవస్థ పాఠాన్ని వీడియో చేద్దామంది.

"తెల్లబోర్డు మీద ఓ చెయ్యి బొమ్మ గీస్తూ పోతుంది మాస్టారూ. వెనకాల నా గొంతు పాఠం చెబుతుంటుంది."

"చెయ్యి ఎవరిది?"

"కంప్యూటరుది."

"బొమ్మ నాదీ, చెయ్యి దానిదీనా? బాగుందమ్మా!"

అయినా మాస్టారు వారం రోజులు టాబ్లెట్ ముందు కూర్చుని గీశారు. కష్టమైనది ముందు ముగించడం ఆయన అలవాటు. అందుకని పెద్దపేగుతో మొదలుపెట్టి, నోటితో ముగించి, అంతా ఒకే బొమ్మగా ఇచ్చారు.

స్టాఫ్‌రూమ్‌లో అందరిముందూ వీడియో వేసి చూశారు. మాస్టారు ఏ వరుసలో గీశారో తెరమీది చెయ్యీ అదే వరుసలో గీసింది. "ఆహారం ముందుగా ఇక్కడికి చేరుతుంది" అని టీచరమ్మ గొంతు గంభీరంగా పలికింది. చెయ్యి శ్రద్ధగా పెద్దపేగు చివరి భాగాన్ని గీస్తోంది. లెక్కల టీచరుకు టీ ముక్కుల్లోంచి వచ్చింది.

అక్కడితో ఆగలేదు. మాటలన్నీ అయిపోయాక కూడా చెయ్యి కాలేయం నీడలు దిద్దుతూనే ఉంది. గీతలు వెయ్యికి పైనే. టీచరమ్మ ఆ బొమ్మ సమయాన్ని పది సెకన్లకు కుదించింది. చెయ్యి చలిజ్వరం వచ్చినట్టు గజగజ వణికిపోయింది.

"నీడలు తీసేయాలి మాస్టారూ."

"తీసేస్తే ఇక నేనెందుకు?" అని ఆయన టాబ్లెట్ బల్లమీద పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు టీచరమ్మ బొమ్మల ఊసెత్తలేదు. తన మాటలు వాక్యానికి వాక్యం విడదీసి, డ్రాయింగు గదికి తెచ్చి వినిపించింది. మాస్టారు ముభావంగానే విన్నారు. మూడో వాక్యం దగ్గర మాత్రం ఉండబట్టలేకపోయారు.

"ఊపిరైనా పీల్చుకోవేంటమ్మా? జీర్ణాశయం, ఆమ్లం, ఎంజైములు, అన్నీ ఒక్క దమ్ములోనా? నేనేది గీయను?"

"మీరే చెప్పండి."

చెప్పారు. ఆమె వాక్యాలను నిర్దాక్షిణ్యంగా నరికారు. ఈసారి నొచ్చుకోవడం ఆమె వంతు. "అది చాలా ముఖ్యం మాస్టారూ!" అంటే, "నా నీడలూ ముఖ్యమే" అన్నారు. చివరికి పదకొండు చిన్న వాక్యాలు, పదకొండు విడి బొమ్మలు మిగిలాయి. మాటలు మళ్లీ రికార్డు చేసి, ఒక్కో వాక్యం ఎన్ని సెకన్లుంటే దాని బొమ్మకు అన్ని సెకన్లే ఇచ్చారు. బొమ్మకూ బొమ్మకూ మధ్య రెండు సెకన్ల విరామం పెట్టారు. కాలేయానికి మూడంటే మూడు గీతల నీడ, బతిమాలి ఉంచుకున్నారాయన.

క్లాసులో వేసినరోజు మాస్టారు వెనక బెంచీ దగ్గర నిలబడ్డారు. చెయ్యి నోరు గీసింది, పిల్లలూ తమ పుస్తకాల్లో గీశారు. అది ఆగితే వాళ్లూ ఆగారు. అయిపోయాక ఓ అమ్మాయి లేచింది.

"ఇంకోసారి వేయండి టీచర్, చిన్నపేగులో తప్పిపోయాను."

"తప్పిపోక? ఆరు మీటర్లు మరి!" అన్నారు మాస్టారు వెనకనుంచి.

క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మ నవ్వుతూనే వీడియోను మళ్లీ మొదటికి తిప్పింది.