విత్తనం పేజీలో చట్నీ మాట

కన్నడ సరిహద్దులోని వై.ఎన్.హొసకోటలో, నేను పనిచేసిన విత్తనాల అంగడి యజమాని నన్ను ఒక కంపెనీ మనిషికి పరిచయం చేస్తూ, "ఈయమ్మ మనకు టైపు కొడ్తాది" అన్నాడు. నేను మరచిపోలేదు. ఆయన అంగడి ఆన్‌లైన్ పేజీలో ప్రతి సరుకు గురించీ తెలుగులో, ఇంగ్లీషులో రాసింది నేనే. సరిహద్దు అవతలి తెలుగువాళ్లు తెలుగులో వెతుకుతారు. పక్కనే ఉన్న సోలార్ పార్కు కంపెనీలవాళ్లు ఇంగ్లీషులో వెతుకుతారు.

నా పద్ధతి ఒకటే. సరుకుకు తెలుగులో ఒక పేరు, ఇంగ్లీషులో ఒక పేరు, ఆ జంట ఎక్కడా మారకూడదు. వేరుశెనగ పప్పు అంటే ఇంగ్లీషులో గ్రౌండ్‌నట్ కెర్నల్స్. వేరుశెనగ విత్తనం అంటే గ్రౌండ్‌నట్ సీడ్. శీర్షికలో, వివరణలో, కింద వెతికేవాళ్ల కోసం ఇచ్చే కీవర్డ్స్‌లో అవే ఉండాలి. చట్నీ, ఉండలు అనే మాటలు రెండు భాషల్లోనూ పప్పు కిందే. విత్తనానికి ఎర్రటి పురుగు మందు పట్టించి ఉంటుంది కాబట్టి "తినకూడదు" అన్న వాక్యం రెండు భాషల్లోనూ మొదటి వరుసలో పెట్టాను.

వల్లూరు వైపు చేలు సోలార్ ప్యానెళ్ల కిందికి పోయాక విత్తనం అడిగేవాళ్లు తగ్గారు. మూటలు గోడవారనే ఉండిపోయాయి. వాటి దగ్గర నిలబడితే మందు వాసన గొంతులో పట్టుకునేది.

"పప్పు పేజీ అందరూ చూస్తాండారు. విత్తనం పేజీ ఒక్కరూ చూడరు," అన్నాడు యజమాని. "ఆ చట్నీ, ఉండలు అనే మాటలు దీనికీ ఎక్కించమ్మా. తెలుగులో ఆ తినగూడదు అనే వరుస తీసెయ్."

"వద్దన్నా. చట్నీ అని కొట్టినోళ్లకు ఇది కనపడితే తింటారు."

"తినగూడదని ఇంగ్లీషులో ఉండాది కదా."

"తెలుగులో వెతికినోళ్లకు తెలుగు పేజీనే కనపడేది. వాళ్లు ఇంగ్లీషు యాడ చూస్తారు?"

"నువ్వు పెద్ద డాక్టరువి మరి," అని నవ్వాడు. పక్కన ఎరువుల బస్తా మీద కూర్చున్న ఇద్దరూ నవ్వారు. వాళ్లెవరో కూడా నాకు గుర్తే.

నేను ఎక్కించలేదు, తీయలేదు. కొన్నాళ్ల తర్వాత పప్పు పేజీ ఎలా ఉందో చూద్దామని ఫోన్లో "చట్నీకి శెనక్కాయలు" అని కొట్టాను. మొదట వచ్చింది విత్తనం. మాటలు ఆయనే ఎక్కించుకున్నాడు. తెలుగులో "తినకూడదు" అన్న వరుస లేదు. ఇంగ్లీషు పేజీ మాత్రం నేను రాసినట్టే ఉంది.

వెంటనే అంగడికి పోయాను. గోడవార ఒక మూట తక్కువగా ఉంది.

"అది యాడికి పోయిందన్నా?"

"క్యాతగానచెర్లుకు. ప్యానెళ్లు కడిగేటోళ్లకు వండే ఆయమ్మ తెప్పించుకున్యాది. నిన్న బస్సుకేసినా," అన్నాడు, గిరాకీ దొరికిన సంతోషంతో.

ఆర్డరులో ఉన్న నంబరుకు అక్కడే నిలబడి ఫోన్ చేశాను. వంటామె మడకశిర వైపు నుంచి పనికొచ్చిన మనిషి. అవతల మిక్సీ తిరుగుతోంది.

"అక్కా, ఆ శెనక్కాయలు వాడొద్దు. అవి విత్తనాలు, మందు పట్టించినవి."

మిక్సీ ఆగింది. "ఏందమ్మా నువ్వు చెప్పేది? చట్నీకని రాసినారే. కడిగితే నీళ్లు ఎర్రగా వచ్చినాయి. తొక్క రంగేమో అనుకుని ఇంకోతూరి కడిగినా."

"ఎవరైనా తిన్నారా?"

"పొద్దున బొరుగుల ఉగ్గానిలోకి ఇదే చట్నీ. తినేసి అందరూ ప్యానెళ్ల కాడికి పోయినారు."

"పిలిపించక్కా. ఏ మందో వాళ్లకు తెలిసేటట్టు మూట మీద చీటీ పీకి ఆసుపత్రికి పట్టకపో."

ఫోన్ పెట్టేసి చూస్తే యజమాని నవ్వడం మానేశాడు. అయినా అన్నాడు, "ఇంగ్లీషులో ఉండాది కదమ్మా."

పనివాళ్లను ప్యానెళ్ల వరుసల మధ్య వెతికి తెచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్లకు వాంతులు మొదలయ్యాయట. పావగడ ఆసుపత్రిలో చేర్చారు. బతికారు. ఒకామె ఇప్పటికీ చేతులు వణుకుతాయని పనికి పోవడం లేదు. వంటామెను తప్పు నీదేనని పనిలోంచి పంపేశారు.

నేను ఫిర్యాదు రాసి, రెండు పేజీలూ అచ్చు తీసి పావగడ వ్యవసాయ ఆఫీసులో ఇచ్చాను. అధికారికి కన్నడం, ఇంగ్లీషు వచ్చు, తెలుగు లిపి రాదు. ఇంగ్లీషు కాగితం చదివి, "తినకూడదని రాశారు కదమ్మా" అన్నాడు. తెలుగు కాగితం చదివి వినిపించాను. రెండూ ఒకటే అని అంగడివాళ్లు చెప్పారన్నాడు. రెండూ ఒకటిగా ఉండాలని పట్టుబట్టినదాన్ని నేనే. ఆ మాటే ఆయన నాకు అడ్డం పెట్టాడు.

ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు, తీసుకోను. యజమాని నన్ను మానిపించి ఇంకొకరిని పెట్టుకున్నాడు. నేను రోజూ ఫోన్లో అదే మాట కొట్టి చూస్తాను. కొంతకాలం ఆ పేజీ రాలేదు. ఈ ఉదయం మళ్లీ వచ్చింది. కొత్త ఫొటోలో, అదే గోడవార, మిగిలిన మూటలు. ఇంగ్లీషులో హెచ్చరిక ఉంది. తెలుగులో చట్నీ ఉంది.

అంగడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. అంగడి మూటలు వేసే ఆరున్నర బస్సు ఈపాటికి వెళ్లిపోయే ఉంటుంది.