ఎండు నెత్తళ్ళకు ఆదివారం

నాన్న రైల్వేలో రిటైరయ్యే నెల ముంచుకొచ్చింది. ఆయన రిటైరైతే క్వార్టరు వదలాలి. వదిలితే ఆరుగురు మనుషులం, నాలుగు ట్రంకుపెట్టెలు, ఒక రుబ్బురోలు రోడ్డు మీద. ఈ బెంగాలీ ఊళ్ళో నేను మలంచా రోడ్డులో ఇళ్ళు వెతుకుతూ తొక్కిన సైకిలు దూరమంతా కలిపితే, విశాఖపట్నం వెళ్ళి టీ తాగి తిరిగొచ్చేవాణ్ణి.

దొరికిన మొదటి ఇంటికి ఏమీ అడక్కుండా సంతకం పెట్టేశాను. సామాన్లు కొన్ని చేరవేసి, నా భార్య ఎండు నెత్తళ్ళ చేపలు వేయించిన రోజే ఇంటాయన ఆ వాసనకు వీధి మొత్తాన్నీ, రెండు కుక్కలనూ, ఒక ఆవునూ సాక్ష్యానికి తెచ్చాడు. పదిహేనో రోజుకి పెట్టెలన్నీ మళ్ళీ క్వార్టరుకే వచ్చాయి.

"ఈపాలి ముందు అడుగు, తరవాత ఎట్టు సంతకం. అడక్కుండా వొచ్చినావంటే ఆ కాయితం కూడా పులుసెట్టేస్తాను" అంది నా భార్య.

అడగడం మొదలుపెట్టాక ఆరు ఇళ్ళు పోయాయి. ఆ ఇళ్ళవాళ్ళందరూ పొద్దున్నే సంచిలోంచి చేపతోక వేలాడేసుకుని బజారు నుంచి వచ్చేవాళ్ళే. ఎండుచేప అనగానే మాత్రం నేను పీనుగును దింపడానికి అనుమతి అడిగినట్టు చూసేవాళ్ళు. అవే మాటలు, అదే వినయం, అదే నవ్వు. చివరికి నా నవ్వు నాకే బరువైపోయింది.

ఎనిమిదో ఇంటాయన వర్క్‌షాపులో మనవాళ్ళ మధ్య ముప్పై ఏళ్ళు పనిచేసి తెలుగు నేర్చిన బెంగాలీ. పదకొండు నెలల అగ్రిమెంటు స్టాంపు కాగితం మీద రాయించి, పెన్ను మూత తీసి కూర్చున్నాడు.

"దాదా, సంతకానికి ముందు రెండు మాటలు అడుగుతాను, ఏటనుకోకండి. వొంటింట్లో బొగ్గుల కుంపటి ఎట్టుకోవొచ్చా?"

"గోడలు నల్లబడిపోతాయి. లోపల కిరసనాయిలు స్టవ్వే. కుంపటి ఎనక వరండాలో ఎట్టుకో."

"మిరపకాయల పోపు?"

"కిటికీ తెరిసి ఎట్టు. మీవోళ్ళ టిఫిను డబ్బాల పక్కన ముప్పై ఏళ్ళు కూకున్నాను, నా ముక్కుకి అలవాటే."

"చేపలు?"

"చేపలు ఒండనోడికి ఇల్లే ఇవ్వను!" అని గోడలదిరేలా నవ్వాడు.

అక్కడ ఆగిపోతే ఎంత హాయిగా ఉండేది! చెయ్యి పెన్ను దాకా వెళ్ళింది కూడా. భార్య ముఖం గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను.

"ఎండు చేపలు, దాదా..."

నవ్వు ఆగింది. పెన్నుకు మూత పడింది.

"శూట్‌కీయా? నహీ భాయీ. మా ఇంటావిడికి ఆ వాసనొస్తే మూడ్రోజులు తలనొప్పి."

"వారానికోపాలి? వరండాలో, మూతెట్టి?"

"నహీ."

తినం అని ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది. దానికి కూడా ఓపిక లేక లేచాను. అప్పుడు లోపలి గదిలోంచి ముసలి గొంతు బెంగాలీలో అడిగింది, "ఏ చేప? ఎలా వండుతారు?"

ఇంటాయన తల్లి. తెల్లచీర, వయసు తొంభయ్యో నూట తొంభయ్యో చెప్పలేం. నాకొచ్చిన బెంగాలీలో, చిన్న చేపలు, వంకాయ, వెల్లుల్లి, మిరపకాయ అని విన్నవించుకున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. పుట్టిల్లు తూర్పు బెంగాల్లోనట. అక్కడ శూట్‌కీ అంటే ప్రాణమట. భర్త పోయి నలభై ఏళ్ళు. వాళ్ళ ఆచారంలో విధవ చేప ముట్టకూడదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా కూడదు.

"నేను తినను. వాసన దానంతటది వస్తే నా తప్పా?" అంది కొడుకుతో.

వంటింట్లో కోడలి గాజులు గట్టిగా మోగాయి. ఇంటాయన పెన్ను మూత మళ్ళీ తీసి ఒక షరతు చేర్చాడు: ఎండుచేప ఆదివారం మధ్యాహ్నం మాత్రమే, వెనక వరండాలో, కడిగిన నీళ్ళు వాకిట్లో పొయ్యకూడదు.

"మీరు చర్చి నుంచి వొచ్చినాక, నేను పేకాటకీ, మా ఆవిడ తన సెల్లెలింటికీ పోయినాక. ఠీక్ హై?"

"ఠీక్ హై దాదా" అని, ఆయన మనసు మారేలోపు సంతకం పెట్టేశాను.

"ఆదివారం మాత్రమే" అన్నది మాకు హద్దు. ముసలావిడ దాన్ని హక్కుగా చదువుకుంది. మేం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే వరండా వైపు ఆవిడ గది కిటికీ తెరుచుకునేది. రెండేళ్ళు ఒక్క ఆదివారం తప్పలేదు. పిల్లలు నెత్తళ్ళ పేరు చెబితే ఏడ్చే స్థితికి వచ్చారు. ఒకసారి నా భార్య జ్వరంతో పడుకుంటే కిటికీ ఊచల మీద కర్ర టకటకలాడింది.

"బౌమా, ఇవాళ లేదా?" కోడల్ని పిలిచినట్టే పిలిచేది.

నా భార్య దుప్పట్లోంచి నన్ను చూసింది. "వొండుకోనిత్తారా అని అడగమన్నాను గానీ, నన్ను కొలువులో ఎట్టమన్నానా?"

కుంపటి నేనే అంటించాను. నెత్తళ్ళు సగం మాడ్చాను. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరం వాటిని ముట్టలేదు. వరండాలో పొగకు దగ్గుతూ కూర్చున్నాను. కిటికీ మాత్రం సాయంత్రం దాకా మూసుకోలేదు.