ట్యాంకులో గోనెబొమ్మ

ఫ్యాక్టరీలో కొత్తగా చేరేవాళ్లకు సేఫ్టీ ఆఫీసరు నిసార్ గంటన్నర భద్రతా పాఠం చెప్పి, పది ప్రశ్నలు రాయించి, సంతకం తీసుకునేవాడు. జాలారిపేట వరహాలుకు పదికి పది వచ్చాయి. ‘ట్యాంకులో మనిషి పడిపోతే దిగకూడదు’ అన్నదానికీ అతను సరిగ్గానే టిక్కు పెట్టాడు. నెల తిరక్కుండానే, విషవాయువుకు పడిపోయిన తోటివాడి కోసం ట్యాంకులోకి దిగిపోయాడు. ఇద్దరూ శవాలై పైకి వచ్చారు. కడలిలో మనిషి పడితే వెంటనే దూకే జాలరి ఇంట్లో పుట్టినవాణ్ని ఒక్క టిక్కు ఆపుతుందా?

అప్పటినుంచి నిసార్ కాగితాన్ని నమ్మడు. గాలి ధారాళంగా ఆడే ఉత్త ట్యాంకులో గోనెబొమ్మను పడేసి, "మీవోడు పడిపోనాడు. ఏటి సేత్తావ్?" అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. దిగబోయినవాడికి గేటు పాసు ఉండదు, పాఠం మళ్లీ మొదలు.

ఇవాళ వరహాలు తమ్ముడు మోహన్ వంతు వచ్చింది. అతను అలారం నొక్కాడు, గాలి సిలిండర్లు కట్టుకుని దిగే రెస్క్యూ జట్టును పిలిచాడు, బయటే నిలబడ్డాడు. నిసార్ గేటు పాసు మీద సంతకానికి పెన్ను తీశాడు.

"బొమ్మ కాబట్టి ఆగాను సార్. మా అన్నయితే నానూ దిగిపోదును," అన్నాడు మోహన్.

నిసార్ పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

"రేపు మళ్లీ రా. మీ అన్న సొక్కా ఒకటి అట్టుకురా," అన్నాడు. "బొమ్మకి తొడుగుదాం."